జాగ్రత్త: స్టాప్ లాస్ పెట్టినా షేర్లు అమ్ముడుపోకుండా మీ దగ్గరే ఉండిపోవచ్చు

మార్కెట్ గట్టిగా పడిన రోజు సాయంత్రం తరచూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. "485కి స్టాప్ లాస్ పెట్టాను. ధర 470కి పోయింది. షేర్లు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. బ్రోకర్ మోసం చేశాడు." ఆర్డర్ వివరాలు తెరిచి చూస్తే చాలాసార్లు బ్రోకర్ తప్పేమీ కనబడదు. ఆర్డర్‌లో ఏ అంకెలు వేశారో ఎక్స్ఛేంజ్ వాటినే పాటించింది. ఆ అంకెల మధ్య ఉన్న తేడాయే కొంప ముంచింది. షేర్లు కొని, స్టాప్ లాస్ పెట్టేశాం కదా అని నిశ్చింతగా ఉన్నవాళ్లు ఇది ఒకసారి పూర్తిగా చదవండి.

స్క్రీన్ మీద SL అని కనిపించే ఆర్డర్‌లో రెండు ధరలు ఇవ్వాలి. ఒకటి ట్రిగ్గర్ ధర, రెండోది లిమిట్ ధర. అమ్మకానికి పెట్టే స్టాప్ లాస్‌లో, చివరగా జరిగిన ట్రేడ్ ధర ట్రిగ్గర్‌ను తాకినా, దాని కిందికి దిగినా ఆర్డర్ నిద్ర లేస్తుంది. అప్పటిదాకా అది కొనేవాళ్లకు కనిపించదు. లేచాక అది మామూలు లిమిట్ ఆర్డర్ అయిపోతుంది. అంటే "ఈ ధర కన్నా ఒక్క పైసా తక్కువకైనా అమ్మను" అని చెప్పే ఆర్డర్. పడుతున్న మార్కెట్‌లో బయటపడాలని పెట్టిన ఆర్డర్, తీరా సమయం వచ్చేసరికి బేరం దగ్గర మొండికేసి కూర్చుంటుందన్నమాట.

లెక్క వేసి చూద్దాం. ఒక మిడ్ క్యాప్ షేర్ నిన్న 500 దగ్గర ముగిసింది. మీ దగ్గర 600 షేర్లున్నాయి. ట్రిగ్గర్ 485, లిమిట్ 484 పెట్టారు. ధర నెమ్మదిగా దిగుతున్న రోజైతే ఏ ఇబ్బందీ లేదు. 485 దగ్గర ట్రేడ్ జరిగే సమయానికి 484.90కి 200 షేర్లు, 484.70కి 150, 484.40కి 300 కొనడానికి జనం ఉంటారు. మీ 600 వాళ్లకు వెళ్లిపోతాయి. సగటున 484.64 వస్తుంది.

ఇప్పుడు అదే షేర్ వేగంగా పడుతోందనుకోండి. 485 పైన ఒక ట్రేడ్ జరిగింది. తర్వాతి ట్రేడ్ నేరుగా 482.30 దగ్గర జరిగింది. మధ్యలో కొనేవాళ్లు లేరు, ఉన్నవాళ్లు తమ ఆర్డర్లు వెనక్కి తీసుకున్నారు. మీ ఆర్డర్ నిద్ర లేచింది, 484కి అమ్ముతానంటూ ఎక్స్ఛేంజ్ బుక్‌లో, అంటే కొనే, అమ్మే ఆర్డర్ల పట్టికలో నిలబడింది. కానీ ఆ క్షణంలో అందరికన్నా ఎక్కువ ఇస్తానంటున్న కొనుగోలుదారు 481.50 దగ్గర ఉన్నాడు. అతను 484 ఇవ్వడు, మీ ఆర్డర్ 484 కన్నా దిగదు. ధర 475, 470 అంటూ దిగిపోతుంటే మీ ఆర్డర్ పైన అలాగే వేలాడుతూ ఉంటుంది.

దీన్ని కనిపెట్టడం తేలికే. చాలా బ్రోకర్ యాప్‌లలో ట్రిగ్గర్ తాకనంతవరకు ఆర్డర్ పక్కన `TRIGGER PENDING` అని ఉంటుంది. తాకాక అది `OPEN` అవుతుంది. పడుతున్న షేర్ మీద అమ్మకపు స్టాప్ లాస్ `OPEN` అని కనిపిస్తూ, ప్రస్తుత ధర మీ లిమిట్ కన్నా కింద ఉంటే, మీకు రక్షణ లేనట్టే. ధర మళ్లీ పైకి వస్తే తప్ప అది అమ్ముడుపోదు.

అప్పుడు చాలామంది చేసే పొరపాటు, కంగారులో ఇంకో అమ్మకపు ఆర్డర్ కొట్టడం. డెలివరీ షేర్లయితే పాత ఆర్డర్ వాటిని పట్టుకుని ఉంటుంది కాబట్టి కొత్తది సాధారణంగా తిరస్కరణకు గురవుతుంది, విలువైన నిమిషం పోతుంది. ఇంట్రాడే అయితే ఇంకా ప్రమాదం. కొత్తది అమ్ముడుపోతుంది, పాతది 484 దగ్గర అలాగే ఉంటుంది. ధర ఒక్కసారి ఎగిరి 484 తాకితే అది కూడా అమ్ముడుపోయి, మీ దగ్గర లేని 600 షేర్లు అమ్మినవాళ్లవుతారు. కాబట్టి కొత్త ఆర్డర్ వద్దు. యాప్‌లో మీ ఆర్డర్ల జాబితాలోకి వెళ్లి అదే ఆర్డర్‌ను తెరిచి, `Modify` నొక్కి లిమిట్ ధర తగ్గించండి.

ఎంత తగ్గించాలి? ఇక్కడే ఒక అపోహ జనాన్ని వెనక్కి లాగుతోంది. 481.50కి కొనేవాడుండగా నేను 472 అని పెడితే 472కే పోతాయేమోనని భయపడతారు. పోవు. అమ్మకపు లిమిట్ అంటే అట్టడుగు ధర మాత్రమే. ముందు ఎక్కువ ఇచ్చేవాళ్లకే షేర్లు వెళతాయి. ఆ సమయంలో బుక్‌లో 481.50కి 50 షేర్లు, 480కి 120, 478.20కి 80, 474కి 200, 470.50కి 400 ఉన్నాయనుకుందాం. లిమిట్ 472 అయితే మొదటి నాలుగు వరుసల్లో 450 షేర్లు సగటున 477.18కి అమ్ముడవుతాయి. మిగిలిన 150 మాత్రం 472 దగ్గర ఆగుతాయి. 484 దగ్గర పట్టుబట్టి ఒక్క షేర్ కూడా అమ్మలేకపోవడం కన్నా ఇది ఎంతో నయం.

అందుకే మొదట ఆర్డర్ పెట్టేటప్పుడే ట్రిగ్గర్‌కూ లిమిట్‌కూ మధ్య జాగా వదలండి. 485, 484 అంటే తేడా పావు శాతం కూడా లేదు. రోజూ లక్షల్లో షేర్లు చేతులు మారే పెద్ద కంపెనీకి మామూలు రోజున అది సరిపోవచ్చు. కొనేవాళ్లు పలచగా ఉండే షేర్‌కు రెండు మూడు శాతం తేడా ఇవ్వడం మేలు. ఈ ఉదాహరణలో అది 472 దగ్గరికి వస్తుంది. ఆ జాగా వల్ల మామూలు రోజుల్లో మీకు ఒక్క పైసా నష్టం లేదని పై లెక్కే చెబుతోంది.

మరి ఈ బాధ లేకుండా SL-M పెట్టేస్తే పోలేదా? అందులో ట్రిగ్గర్ ఒక్కటే ఇస్తారు. తాకగానే అది మార్కెట్ ఆర్డర్ అయి, దొరికిన ధరకు అమ్మేస్తుంది. పైన చెప్పిన బుక్‌లోనే చూడండి. 600 షేర్లు అయిదు వరుసలూ తినుకుంటూ 470.50 దాకా దిగుతాయి. సగటు 475.51. మీరు మనసులో అనుకున్న 485తో పోలిస్తే 5,694 రూపాయలు అదనంగా పోయాయి. అయినా బయటపడ్డారు. మార్కెట్ ఆర్డర్ ఇచ్చే హామీ అమ్మకానికే, ధరకు కాదు. కొనే బటన్ నొక్కే ముందు, అమ్మే బటన్ నొక్కే ముందు స్క్రీన్ మీద కనిపించే అయిదు వరుసల డెప్త్‌లో మీ సంఖ్యకు సరిపడా షేర్లున్నాయో లేదో కూడితే పది సెకన్ల పని.

చూడకపోతే ఏమవుతుందో 2012 అక్టోబరు 5న ఎన్ఎస్ఈలో దేశమంతా చూసింది. ఒక బ్రోకింగ్ సంస్థ నుంచి సుమారు 650 కోట్ల రూపాయల విలువైన అమ్మకపు ఆర్డర్లు పొరపాటున వెళ్లాయి. కొనేవాళ్ల వరుసలన్నీ క్షణాల్లో ఖాళీ అయి, నిఫ్టీ 15 శాతానికి పైగా కుప్పకూలింది. నిఫ్టీలో ఉన్న పెద్ద షేర్లకే ఆ గతి పట్టింది.

ఇంకో సంగతి, SL-M అన్నిచోట్లా దొరకదు. ఆప్షన్లలో ఎన్ఎస్ఈ దాన్ని 2021 సెప్టెంబరు 27 నుంచి ఆపేసింది. బీఎస్ఈ 2023 అక్టోబరు 9 నుంచి తీసేసింది. అక్కడ మీకు మిగిలింది ట్రిగ్గర్, లిమిట్ రెండూ ఇచ్చే ఆర్డరే. ఆప్షన్ ధర నిమిషంలో సగమవుతుంది కాబట్టి అక్కడ రెండు మూడు శాతం జాగా ఏమూలకూ చాలదు.

పైన చెప్పినదంతా కొనేవాళ్లు ఏదో ఒక ధరకు ఉన్నప్పటి మాట. అసలు కొనేవాళ్లే లేని రోజు లోయర్ సర్క్యూట్ రోజు. ఫ్యూచర్స్, ఆప్షన్లు లేని షేర్లకు రోజుకు 2, 5, 10 లేదా 20 శాతం అని హద్దు ఉంటుంది. మన షేర్‌కు 5 శాతం హద్దు అనుకోండి. 500 నుంచి కింది హద్దు 475. రాత్రి చెడ్డ వార్త వచ్చి, పొద్దున్నే 475 దగ్గర తెరుచుకుంది. మీ ట్రిగ్గర్ 485 తాకింది నిజమే. లిమిట్ 484 అయినా, SL-M అయినా, నేరుగా మార్కెట్ ఆర్డర్ కొట్టినా ఫలితం ఒకటే, అమ్ముడుపోదు. 475 దగ్గర అమ్మేవాళ్ల వరుస ఉంటుంది, ముందు వచ్చినవాళ్లకే ముందు అవకాశం. వరుసలో నిలబడాలన్నా 475కే పెట్టాలి. 484 మీద ఉన్న ఆర్డర్ ఆ వరుసలోనే లేనట్టు.

సాయంత్రానికి ఆ వరుస రద్దవుతుంది. మర్నాడు కొత్త హద్దు 475 మీద లెక్కిస్తారు కాబట్టి 451.25 అవుతుంది, ఆర్డర్ మళ్లీ పెట్టాలి. 9 గంటలకు ప్రీ ఓపెన్ మొదలవగానే లిమిట్ ఆర్డర్ వెళ్లాలి. 9.07 తర్వాత ఆ తలుపు ఏ క్షణమైనా మూసుకుంటుంది. స్టాప్ లాస్ ఆర్డర్లను ప్రీ ఓపెన్‌లో తీసుకోరు. అంటే తెరుచుకునేటప్పుడే పడిపోయే షేర్‌ను స్టాప్ లాస్ మధ్యలో ఆపలేదు. ఇలాంటి షేర్లలో నష్టాన్ని అదుపులో పెట్టేది ఆర్డర్ రకం కాదు, మీరు కొన్న సంఖ్య.

జీటీటీ, అంటే ట్రిగ్గర్ తాకేదాకా రోజుల తరబడి నిలిచి ఉండే ఆర్డర్, పెట్టుకున్నవాళ్లకు రెండు మాటలు. అది ఎక్స్ఛేంజ్‌లో ఉండదు, బ్రోకర్ దగ్గర ఉంటుంది. ట్రిగ్గర్ తాకాక మామూలుగా ఒక లిమిట్ ఆర్డర్‌ను పంపుతుంది. కాబట్టి పైన చెప్పిన చిక్కంతా దీనికీ ఉంది. పైగా ఒకసారి ట్రిగ్గర్ అయితే దాని పని అయిపోయినట్టే. ఆ రోజు అమ్ముడుపోకపోతే రేపటికి మీకు స్టాప్ లాస్ లేదు. అమ్మినప్పుడు డీమ్యాట్ నుంచి షేర్లు తీసుకునేందుకు బ్రోకర్‌కు ఇచ్చే అధికార పత్రమైన డీడీపీఐ ఇవ్వనివాళ్లు ముందుగా అనుమతి ఇచ్చి ఉండకపోతే అమ్మకం తిరస్కరణకు గురవుతుంది. ఖాతాలో ఆ అనుమతి ఉందో లేదో ఈరోజే చూసుకోండి.

కొనే వైపు లిమిట్ ఆర్డర్ పూర్తిగా తిరగబడి ప్రవర్తిస్తుంది. పడుతున్న మార్కెట్‌లో అమ్మే లిమిట్ నిలిచిపోతే, కొనే లిమిట్ కచ్చితంగా నిండుతుంది. "తగ్గితే కొందాం" అని 490కి ఎప్పుడో పెట్టి మరిచిపోయిన జీటీటీ, షేర్ 500 నుంచి 460కి జారే రోజున మీ ఖాతాలోకి షేర్లు తెచ్చి పెడుతుంది. మధ్యాహ్నానికి అది 460 దగ్గర ఉంటుంది, మీ కొనుగోలు ధర మాత్రం 490 అనే చూపిస్తుంది. మార్కెట్ జరజరా జారుతున్న రోజున యాప్ తెరిస్తే ముందు అమ్మకాల జాబితా కాదు, ఇంకా నిండని కొనుగోలు ఆర్డర్లు చూడండి. అక్కర్లేనివి ఉంటే వెంటనే రద్దు చేయండి.