ఏబీజీ చదవడానికి బాణాలా, లెక్కా: ఏది మేలు?

ఏబీజీ రిపోర్టు చేతికి రాగానే చాలామంది స్టూడెంట్స్ చేసే పని, pH, PaCO2, HCO3 పక్కన పైకీ కిందకీ బాణాలు గీయడం. pH, PaCO2 ఎదురెదురుగా వెళ్తే రెస్పిరేటరీ, pH, HCO3 ఒకే వైపు వెళ్తే మెటబాలిక్. లెక్క పద్ధతి కూడా ఇక్కడే మొదలవుతుంది, కాకపోతే ఇక్కడితో ఆగదు.

ఒక కేసు అనుకుందాం. ఇన్సులిన్ మానేసిన డయాబెటిస్ పేషెంటు, మత్తుగా పడుకుని ఉన్నాడు. pH 7.19, PaCO2 32, HCO3 12, సోడియం 136, క్లోరైడ్ 98. బాణాలు మూడూ కిందకే, కాబట్టి "పార్షియల్లీ కాంపెన్సేటెడ్ మెటబాలిక్ అసిడోసిస్" అని రాసేస్తాం. ఎంసీక్యూలో మార్కు పడొచ్చు గానీ అసలు ప్రమాదం కంటికి ఆనలేదు.

ఇప్పుడు వింటర్స్ ఫార్ములా వేయండి:

```
PaCO2 = 1.5 × HCO3 + 8 (± 2)
      = 1.5 × 12 + 8 = 26
```

అంటే 24 నుంచి 28 మధ్య ఉండాల్సింది, 32 ఉంది. నలభై కంటే తక్కువే కదా, బాగానే ఊపిరి తీస్తున్నాడులే అనుకుంటే అక్కడే బోల్తా పడతాం. ఇంత అసిడోసిస్‌లో 32 అంటే కార్బన్ డయాక్సైడ్ పోవాల్సినంత పోవడం లేదు, మెటబాలిక్‌తో పాటు రెస్పిరేటరీ అసిడోసిస్ కూడా ఉంది. అలసిపోయాడా, న్యుమోనియా ఉందా, మత్తు మందు ఏదైనా పడిందా అని మంచం దగ్గరికెళ్లి చూడాలి. ఎగశ్వాస నెమ్మదించిందంటే షుగర్ తగ్గి కుదుటపడ్డాడని మురిసిపోకండి.

ఆనయాన్ గ్యాప్ 136 − 98 − 12, అంటే 26. మామూలుగా ఉండే 12 కంటే 14 ఎక్కువ, బైకార్బొనేట్ 24 నుంచి 12 తగ్గింది. రెండూ దాదాపు సమానం కాబట్టి మూడో గొడవేదీ దాక్కుని లేదు.

అదే పేషెంటుకు వాంతులు బాగా అయి pH 7.40, PaCO2 40, HCO3 24, సోడియం 140, క్లోరైడ్ 90 అని వస్తే? బాణం గీయడానికే ఏమీ ఉండదు, నార్మల్ అంటాం. గ్యాప్ మాత్రం 26! కీటోయాసిడ్లు తగ్గించిన బైకార్బొనేట్‌ను వాంతులు మళ్లీ పైకి లేపాయి, అసిడోసిస్, ఆల్కలోసిస్ రెండూ ఉన్నాయన్నమాట.

నన్నడిగితే బాణాలు మొదటి అర నిమిషానికి చాలు, వార్డులో లెక్కే మేలు. దానికీ హద్దులున్నాయి. వింటర్స్ మెటబాలిక్ అసిడోసిస్‌కే పనికొస్తుంది, అదీ ఊపిరి సర్దుకోవడానికి కొన్ని గంటలు గడిచాక. ఆల్బుమిన్ 4 కంటే తగ్గితే, ప్రతి ఒక గ్రాముకూ గ్యాప్‌కు 2.5 కలపాలి. లివర్ పేషెంటుకు ఆల్బుమిన్ 2 ఉంటే, రిపోర్టులో అమాయకంగా కనిపించే 14 నిజానికి 19.