విద్యార్థుల బడ్జెట్ ఫోన్: గేమింగా, కెమెరానా, బ్యాటరీనా – ఏ పొజిషనింగ్ మేలు?

కొనేవాళ్లను అవసరాలను బట్టి గుంపులుగా విడదీయడం, వాటిలో ఎవరికి అమ్మాలో ఎంచుకోవడం, వాళ్ల మనసులో వస్తువుకో స్థానం కల్పించడం – మార్కెటింగ్‌లో ఈ సెగ్మెంటేషన్, టార్గెటింగ్, పొజిషనింగ్ పాఠానికి కాలేజీ విద్యార్థుల బడ్జెట్ ఫోన్‌ను ఉదాహరణగా తీసుకున్నవాళ్లంతా చివరికి ఒకే ప్రశ్న దగ్గర ఆగుతున్నారు. ఈ ఫోన్‌ను గేమింగ్ ఫోన్‌గా నిలబెట్టాలా, కెమెరా ఫోన్‌గానా, ఛార్జింగ్ ఎక్కువసేపు నిలిచే ఫోన్‌గానా? మూడింటికీ కొనేవాళ్లున్నారు. ప్రకటనలో మూడూ బాగానే వినపడతాయి. ఫోన్ చేతికొచ్చిన నెల తర్వాత కూడా ఆ మాట నిజంగా ఉంటుందా అన్నదే నా దృష్టిలో తేల్చే విషయం. సెగ్మెంట్ ఎంత పెద్దది, పోటీ ఎంత అన్నవి ఆ తర్వాత చూసుకోవచ్చు.

సెగ్మెంటేషన్ దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. ‘18 నుంచి 22 ఏళ్ల విద్యార్థులు’ అని రాసి ముందుకు వెళ్లిపోతారు. వయసు ఒకటే అయినంత మాత్రాన అవసరం ఒకటి కాదు. ఒకే తరగతిలో పొద్దున ఏడింటికి ఇల్లు వదిలి రాత్రి ఎనిమిదింటికి తిరిగొచ్చే విద్యార్థి ఉంటాడు, మంచం పక్కనే ప్లగ్గు ఉన్న హాస్టల్ విద్యార్థీ ఉంటాడు. మొదటివాడికి మధ్యాహ్నం మూడింటికి బ్యాటరీ ఎంత ఉందన్నది పెద్ద విషయం. రెండోవాడికి అది పట్టదు. మార్కెటింగ్ పండితుడు వెండెల్ స్మిత్ 1956లో మార్కెట్ సెగ్మెంటేషన్‌ను వస్తువును వేరుగా చూపించే వ్యూహం నుంచి విడదీసి చెప్పింది ఇందుకే. వస్తువుకు ఒక ప్రత్యేకత తగిలించి అందరినీ దాని వైపు లాగడం ఒక పద్ధతి. అవసరాల్లో ముందే ఉన్న తేడాలను గుర్తించి వాటికి తగ్గట్టు వస్తువును మలచడం ఇంకొకటి. వయసుతో విడగొట్టినవాళ్లు రెండోది చేస్తున్నామనుకుంటూ మొదటిదే చేస్తుంటారు.

ఈ తేడాలను ఎలా పట్టుకోవాలి? ‘ఫోన్‌లో మీకేం కావాలి?’ అని అడిగితే అందరూ అన్నీ కావాలంటారు, ఆ సమాధానాలతో ఏ పనీ జరగదు. ఆటలు, కెమెరా, బ్యాటరీ, తెర అనే నాలుగింటి మధ్య పది పాయింట్లు పంచమనండి. ఒకదానికి ఎక్కువ ఇవ్వాలంటే ఇంకోదాంట్లో కోసుకోవాల్సిందే కాబట్టి అసలు ప్రాధాన్యం బయటపడుతుంది. ఆ తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం పేజీ తెరిచి చూపించమనండి. కెమెరాకు ఐదు పాయింట్లు ఇచ్చిన మనిషి ఫోన్‌లో రోజంతా వీడియో పాఠాలూ చాటింగూ నడుస్తుంటే నమ్మాల్సింది ఆ పేజీనే. సంచిలో పవర్ బ్యాంక్ ఉందా అని కూడా అడగాలి. ఉందంటే ఆ అవసరానికి అప్పటికే డబ్బు ఖర్చయిందన్నమాట. ముప్పై, నలభై మందితో ఇలా కూర్చుని మాట్లాడితే గుంపులు కనిపిస్తాయి. ఏ గుంపులో ఎందరన్నది తర్వాత పెద్ద సర్వేలో లెక్కపెట్టుకోవచ్చు.

ఇప్పుడు టార్గెటింగ్. లెక్క సులువుగా ఉండటానికి వెయ్యిమంది విద్యార్థులను తీసుకుందాం. ఆటలే ముఖ్యమనేవాళ్లు 200 మంది, ఫొటోలూ రీల్స్ ముఖ్యమనేవాళ్లు 300 మంది, రోజంతా బయట గడిపేవాళ్లు 300 మంది. మిగిలిన 200 మందికి ధర ఒక్కటే ముఖ్యం. ఈ అంకెలు నేను వేసుకున్నవే, మీ సర్వేలో వేరేగా రావచ్చు. ఇక్కడే చాలామంది పెద్ద గుంపును ఎంచుకుని టార్గెటింగ్ అయిపోయిందనుకుంటారు. అసలు అడగాల్సింది వేరే ఉంది: మన ధరలో తయారయ్యే ఫోన్ ఈ గుంపులో ఎంతమందిని సంతృప్తిపరచగలదు? నమూనా ఫోన్ ఇచ్చి రెండు వారాలు వాడించాక, ఆటల గుంపులో పదిమందిలో ఇద్దరు, ఫొటోల గుంపులో ముగ్గురు, బయట గడిపే గుంపులో ఏడుగురు ‘ఇది సరిపోతుంది’ అన్నారనుకుందాం. అప్పుడు మనకు దక్కే మనుషులు 40, 90, 210. పైకి సమానంగా కనిపించిన రెండు గుంపుల మధ్య రెట్టింపుకన్నా ఎక్కువ తేడా వచ్చింది.

ఆ తేడా ఎందుకొస్తుందో తెలియాలంటే ఫోన్ లోపలికి వెళ్లాలి. విడిభాగాల ఖర్చు మొత్తం 100 పాళ్లు అనుకుని, తప్పనిసరి వాటికి పోగా 12 పాళ్లు మిగిలాయనుకోండి. ఆ పన్నెండే పొజిషనింగ్‌కు పెట్టుబడి. ఎక్కడ పెడితే ఏమవుతుందో చూద్దాం.

గేమింగ్‌లో పెడితే ఆ పన్నెండూ ఒక మెట్టు పై చిప్‌కే సరిపోతాయి. వేడిని బయటికి పంపే ఏర్పాటుకు ఏమీ మిగలదు. ఆట మొదలుపెట్టిన మొదటి ఐదు నిమిషాలు బ్రహ్మాండంగా నడుస్తుంది. ఆ తర్వాత చిప్ వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ప్రకటనలో చూపించే స్కోరు చల్లటి ఫోన్‌ది, విద్యార్థి ఆడేది వేడెక్కిన ఫోన్‌తో. పరీక్షించాలంటే ఒకే ఆటను అరగంట ఆపకుండా నడిపి, మొదటి ఐదు నిమిషాల ఫ్రేమ్ రేటునూ చివరి ఐదు నిమిషాలదీ పక్కపక్కన పెట్టి చూడాలి. చివరిది మొదటిదాంట్లో మూడో వంతు తగ్గిందంటే గేమింగ్ అనే మాట వాడకపోవడమే క్షేమం. పైగా ఇలాంటి పరీక్షలు చేసి, వీడియో తీసి, అందరికీ చూపించేది ఈ గుంపే. కొంచెం తప్పినా వీళ్లు వదలరు.

కెమెరాకు వచ్చే ఇబ్బంది ఇంకో రకం. పెట్టె మీద 50 మెగాపిక్సెల్ అని వేసుకోవడం కష్టం కాదు. అలాంటి సెన్సార్లు మామూలుగా నాలుగేసి పిక్సెళ్లను ఒకటిగా కలిపి పన్నెండున్నర మెగాపిక్సెల్ ఫొటో ఇస్తాయి. అందులో తప్పేమీ లేదు. ఎండలో తీస్తే ఫొటో బాగానే వస్తుంది. కానీ విద్యార్థులు ఫొటోలు ఎక్కువగా తీసుకునేది సాయంత్రం వేడుకల్లో, గదుల్లో, కదులుతున్న మనుషులవి. వెలుతురు తక్కువైతే షట్టర్ ఎక్కువసేపు తెరుచుకుని ఉండాలి. చేతి వణుకును సర్దే ఓఐఎస్ మన పన్నెండు పాళ్లలో రాదు. వచ్చినా ఎదుటి మనిషి కదలికను అది ఆపలేదు. అంటే కొన్న అవసరం దగ్గరే ఫోన్ చేతులెత్తేస్తుంది. పక్కన పెట్టే 2 మెగాపిక్సెల్ డెప్త్, మాక్రో లెన్సులు వెనకవైపు కెమెరాల సంఖ్య పెంచడానికే తప్ప ఫొటోకు పెద్దగా పనికిరావు. ఆ డబ్బంతా ఒక్క మంచి సెన్సార్‌కు పెట్టి, ‘పగటి ఫొటోలు’ అని నిజాయితీగా చెప్పే కంపెనీ ఉంటే కెమెరా పొజిషనింగ్ కొంతవరకు నడుస్తుంది. కానీ అలా చెప్పడానికి మార్కెటింగ్ విభాగం ఒప్పుకోవాలి కదా!

ఇక బ్యాటరీ. నేను ఇటే మొగ్గుతాను. అలాగని ‘5000 ఎంఏహెచ్’ అని రాస్తే పొజిషనింగ్ అయిపోదు. ఆ అంకె ఈ తరగతి ఫోన్లలో దాదాపు అందరి పెట్టె మీదా ఉంది. అది పోటీలో నిలబడటానికి ఉండాల్సిన అర్హత, ప్రత్యేకత కాదు. మాట చెప్పాల్సింది సామర్థ్యం గురించి కాదు, కాలం గురించి: ‘చేరినప్పుడు కొన్న ఫోన్ కోర్సు పూర్తయ్యేదాకా రోజంతా నిలుస్తుంది.’

ఈ మాట నిలబడుతుందా? లెక్క వేద్దాం. విద్యార్థి రోజుకు 3000 ఎంఏహెచ్ వాడతాడనుకుంటే 5000 బ్యాటరీలో అది 60 శాతం. బ్యాటరీ మొత్తం సామర్థ్యమంత వాడకాన్ని ఒక సైకిల్ అంటారు కాబట్టి ఇది 0.6 సైకిల్. మూడేళ్లకు 657 సైకిళ్లు, నాలుగేళ్లకు 876. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన నియమాలు బ్యాటరీ 800 సైకిళ్ల తర్వాత కూడా కనీసం 80 శాతం సామర్థ్యంతో ఉండాలని అడుగుతున్నాయి. ఆ స్థాయి బ్యాటరీ సెల్ వాడితే 800 సైకిళ్ల దగ్గర మనకు 4000 ఎంఏహెచ్ మిగులుతుంది. రోజుకు కావాల్సింది 3000. మూడేళ్ల కోర్సుకు ఇబ్బంది లేదు. నాలుగేళ్ల కోర్సులో చివరి నెలలకు గీత దాటుతాం గానీ రోజు గడవడానికి సరిపడా ఉంటుంది. రోజుకు 4000 వాడేవాళ్లకు మాత్రం ఇదే మాట అబద్ధమవుతుంది. రోజుకు 0.8 సైకిల్ చొప్పున రెండేళ్ల తొమ్మిది నెలలకే 800 పూర్తవుతాయి, అప్పటికి మిగిలే 4000 ఆ రోజు అవసరానికి బొటాబొటీ. కాబట్టి గేమర్లను ఈ మాటతో పిలవకూడదు. టార్గెటింగ్‌లో ఎవరిని వదిలేస్తున్నామో స్పష్టంగా రాసుకోవాలనడం ఇందుకే.

ఆ 12 పాళ్లు ఇక్కడ మూడుగా చీలుతాయి: ఎక్కువ సైకిళ్లు తట్టుకునే బ్యాటరీ సెల్‌కు కొంత, తక్కువ కరెంటు తాగే చిప్‌కు కొంత, మిగిలింది కోర్సు మధ్యలో ఒకసారి బ్యాటరీ మార్చి ఇచ్చే హామీకి కేటాయింపు. ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ కూడా ఉండాలి, దానికి పెద్దగా ఖర్చేమీ కాదు. సెక్యూరిటీ అప్‌డేట్లు రెండేళ్లకే ఆగిపోతే కోర్సు పూర్తయ్యేదాకా అన్న మాటకు అర్థం లేదు. అన్నేళ్లూ సాఫ్ట్‌వేర్ బృందానికి జీతాలిచ్చే ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

ఈ దారిలో కనపడని గొయ్యి ఒకటుంది. బ్యాటరీ ఎక్కువసేపు రావాలని సాఫ్ట్‌వేర్ వెనక నడిచే యాప్‌లను చంపేయడం మొదలుపెడుతుంది. పరీక్షలో గంటలు పెరుగుతాయి. కానీ క్లాసు గ్రూపులో వచ్చిన మెసేజ్ రెండు గంటలు ఆలస్యంగా కనిపిస్తుంది, అలారం మోగదు. నమూనా ఫోన్లు వాడించేటప్పుడు గంటకో మెసేజ్ పంపి, తెర ఆపి ఉన్న ఫోన్‌కు ఎంతసేపటికి చేరిందో రాసుకుంటే ఇది ముందే దొరుకుతుంది.

బ్యాటరీ మాటకు ఇంకో లాభం ఉంది. ఫోన్ వాడేది విద్యార్థి, డబ్బు ఇచ్చేది చాలాసార్లు ఇంట్లోవాళ్లు. గేమింగ్ అన్న మాట వింటే ఇంట్లోవాళ్లు మొహం తిప్పుకుంటారు, కెమెరా అంటే పట్టించుకోరు. కోర్సు అంతా నిలుస్తుందంటే ఇద్దరికీ పనికొస్తుంది. ఒకరికి ఛార్జర్ వెతుక్కునే పని తప్పుతుంది, ఇంకొకరికి మధ్యలో రెండో ఫోన్ కొనే పని తప్పుతుంది.

రంగులూ స్టైలూ మీద నిలబెట్టడం కూడా కొందరు అడుగుతారు. నెల తిరక్కుండా పక్క కంపెనీ అదే రంగు తెస్తుంది. ‘అన్నీ ఉన్న ఫోన్’ అనేది పొజిషనింగే కాదు. ధర ఒక్కటే పొజిషనింగ్ అయితే, ఇంకొకరు తగ్గించిన రోజున మనకు చెప్పుకోవడానికేం మిగలదు.

పొజిషనింగ్ వాక్యం రాశాక ఒక చిన్న పరీక్ష పెట్టండి. ‘రోజంతా క్యాంపస్‌లో గడిపే విద్యార్థులకు, కోర్సు పూర్తయ్యేదాకా సాయంత్రం వరకు ఛార్జింగ్ నిలిచే ఫోన్ ఇది, ఎందుకంటే 800 సైకిళ్ల బ్యాటరీ, మధ్యలో ఒకసారి మార్పిడి హామీ ఉన్నాయి’ అని రాశారనుకోండి. ఇందులో మీ ఫోన్ పేరు తీసి పోటీ ఫోన్ పేరు పెట్టండి. వాక్యం అప్పుడూ నిజమే అయితే మళ్లీ రాయాలి. ఇక్కడ ‘ఎందుకంటే’ తర్వాతి భాగం దాన్ని ఆపుతోంది. హామీ తీసేస్తే ఆ అడ్డు సగం పోతుంది.

అమ్మకాలు మొదలైన రెండు నెలలకు రివ్యూలు చదివితే గురి ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. నక్షత్రాల సగటు పక్కన పెట్టి, కొన్నవాళ్లు మొదట ఏ మాట వాడారో లెక్కపెట్టండి. ‘సాయంత్రం దాకా వస్తోంది’ లాంటివి ముందుంటే సరే. ‘ఈ ధరకు పర్వాలేదు’ అన్నవే ఎక్కువుంటే మీరు అమ్ముతున్నది ధరనే. ‘ఆటలో వేడెక్కుతోంది’ అని ఫిర్యాదులు కుప్పపడితే, ఏదో దుకాణమో ప్రకటనో మీరు వదిలేసిన గుంపును లోపలికి పిలుస్తోంది. ఫోన్‌ను మార్చే ముందు ఆ ప్రకటనను ఆపండి.