రాత్రి పన్నెండుకి మళ్లీ తెరుచుకునే గేటు: ఆండ్రాయిడ్ యాప్ టైమర్ ఏడాది పైగా వాడాక

బీజీఎంఐ అనే ఫోన్ షూటింగ్ ఆట ఆడేవాళ్లకు ఆట గురించి నేను చెప్పాల్సింది ఏమీ లేదు. ఇది ఒక్కో యాప్‌ను రోజుకి ఎంతసేపు వాడాలో పెట్టుకోవడానికి ఫోన్‌లోనే ఉండే Digital Wellbeing టైమర్ గురించి, అందులోనూ ముఖ్యంగా నాకు బాగా నచ్చిన ఒక్క సంగతి గురించి. సమయం అయిపోగానే అది ఆటను ఆపేస్తుంది. "ఇంకో ఐదు నిమిషాలు" అని అడిగే బటన్ నా ఫోన్‌లో రాదు. ఐకాన్ బూడిద రంగులోకి మారిపోతుంది. నొక్కితే ఈ రోజుకి సమయం అయిపోయిందనే మాటే కనిపిస్తుంది. ఇంకా ఆడాలంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి, Dashboard తెరిచి, ఆట పేరు వెతికి టైమర్ మార్చాలి. అంత దూరం వెళ్లేలోపు చాలాసార్లు ఆడాలనే ఊపు తగ్గిపోతుంది. ఈ చిన్న అడ్డంకి కోసమే నేను దీన్ని వదలకుండా వాడుతున్నాను.

ఇంకో మేలు అనుకోకుండా దొరికింది. టైమర్ అయిపోయాక ఆ యాప్ నోటిఫికేషన్లు కూడా కనబడవు. కొత్త ఈవెంట్, ఉచిత బహుమతి, ఫ్రెండ్ ఆన్‌లైన్‌కి వచ్చాడు లాంటివి పడుకునే వేళ తెర మీదికి రావు. నన్ను ఆటలోకి లాగేవి చాలావరకు అవే కాబట్టి ఇది నాకు చాలా ఉపయోగపడింది.

మొదటి నెలల్లో అడిగినవాళ్లందరికీ ఇదే పెట్టుకోమని చెప్పాను. ఇప్పుడైతే ఒక షరతు కలిపి చెబుతాను. టైమర్ లెక్క అర్ధరాత్రి 12కి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. సాయంత్రం ఆడేవాళ్లకు దీనితో పనే లేదు. మా నలుగురి స్క్వాడ్ మాత్రం అందరి డ్యూటీలు, భోజనాలు అయ్యాక పదిన్నరకి గానీ కూడదు. రోజుకి గంట పెట్టుకున్న మనిషి 11కి మొదలుపెడితే, 12 కొట్టేసరికి ఆ గంట అయిపోతుంది, వెంటనే రేపటి గంట చేతికొస్తుంది. టైమర్ ఒక్క నిమిషం కూడా తప్పు చేయలేదు, అయినా ఒకే కూర్చోవడంలో ఒంటిగంట దాకా ఆడొచ్చు. వారం చివర Dashboard చూస్తే ఏ రోజుకారోజు గంటలోపే కనిపిస్తుంది. నిద్ర ఎందుకు చాలడం లేదో ఆ పట్టీ చూస్తే తెలియదు. ఏ వేళకి ఎంతసేపు ఆడామో గంటల వారీగా చూస్తేనే బయటపడుతుంది.

దీనికి మందు అదే మెనూలో ఉన్న Focus mode, మనం ఎంచుకున్న యాప్‌లను మనం చెప్పిన వేళల్లో తెరుచుకోనివ్వదు. అందులో ఆటను ఎంచుకుని, షెడ్యూల్‌లో రాత్రి 11:45 నుంచి ఉదయం 6 వరకు అని, వారంలో అన్ని రోజులూ టిక్ పెట్టాను. ఇప్పుడు కొత్త గంట వచ్చినా ఆట తెరుచుకోదు. పక్కనే ఉన్న Bedtime mode దీనికి పనికిరాదు. అది తెరను నలుపు తెలుపు చేసి ఫోన్‌ను సైలెంట్‌లో పెడుతుంది గానీ ఆటను ఆపదు. Focus modeలోనూ Take a break అనే దారి ఉంది. అది నొక్కితే కాసేపు అన్నీ తెరుచుకుంటాయి. కాబట్టి పైన చెప్పినంత గట్టిదనం దీనికి లేదని ఒప్పుకోవాలి.

అసలు ఇబ్బంది ఇంకోటి ఉంది. ఎరాంగెల్ మ్యాప్‌లో చివరి సర్కిల్ దాకా బతికితే ఒక మ్యాచ్‌కి అరగంట పడుతుంది. లాబీలో కూర్చున్న సమయం, బట్టలు మార్చుకున్న సమయం కూడా టైమర్ లెక్కలోకే వస్తాయి. అందుకని గంట పెడితే రెండు మ్యాచ్‌లు పూర్తవవు, రెండోది చివర్లో తెగిపోతుంది. నిమిషం ముందు హెచ్చరిక వస్తుంది గానీ చుట్టూ కాల్పులు జరుగుతుంటే దాన్ని ఎవరు చూస్తారు? మనం మాయమైపోతే మిగిలిన ముగ్గురూ నష్టపోతారు. నేను గంటా పావుకి మార్చాను. రెండో మ్యాచ్ మొదలుపెట్టే ముందు Dashboardలో ఎంత మిగిలిందో చూస్తాను, 35 నిమిషాలు లేకపోతే మూసేస్తాను. ఆటలోనే ఉన్న పరిమితి పెద్దవాళ్లకు ఆరు గంటలు కాబట్టి దాని మీద ఆధారపడి లాభం లేదు.

నేను ఒంటరిగా గదిలో ఉంటాను, ఉదయం డ్యూటీ ఉంది, ఆండ్రాయిడ్ వాడతాను. ఈ మూడింట్లో ఏది మారినా నా మాట మారొచ్చు. ఐఫోన్‌లో పరిమితి అయ్యాక Ignore Limit అని కనిపిస్తుంది. అది రాకుండా ఉండాలంటే పాస్‌కోడ్ పెట్టి Block at End of Limit ఆన్ చేయాలి. ఆ అంకెలు ఇంట్లో ఇంకొకరి దగ్గర ఉంటేనే ఉపయోగం, నాలా ఒంటరిగా ఉండేవాళ్లకు అది కుదరదు. మూడు నాలుగు నిమిషాల్లో ముగిసే ఆటలు ఆడేవాళ్లకు మధ్యలో తెగే బాధ పెద్దగా ఉండదు, వాళ్లకు మామూలు టైమరే చాలు. నాలాగా స్క్వాడ్‌తో అర్ధరాత్రి ఆడేవాళ్లు మాత్రం టైమర్ పెట్టిన రోజే Focus mode షెడ్యూల్ కూడా పెట్టుకోండి.