జాగ్రత్త: ‘పేపర్లు లేకపోయినా పర్లేదు, నేను చూసుకుంటా’ అనే ట్యాక్స్ కన్సల్టెంటుతో

చిన్న షాపులవాళ్లకి రిటర్నులు వేసిపెట్టే కన్సల్టెంట్లలో కొందరి తీరు ఇది. జూన్ అంతా ఉలుకూ పలుకూ ఉండదు. గడువుకి మూడు రోజుల ముందు వాట్సాప్‌లో ‘అర్జెంట్, పేపర్స్ పంపండి’ అని ఒక్క ముక్క వస్తుంది. ఏ పేపర్లో చెప్పరు. మీరు దొరికినవి పంపితే ‘మిగతాది నేను అడ్జస్ట్ చేస్తా, ఓటీపీ చెప్పండి’ అంటారు. ఆ ‘అడ్జస్ట్’ దగ్గరే మోసపోతాం.

2024-25 ఆర్థిక సంవత్సరం లెక్కతో ఒక హార్డ్‌వేర్ షాపుని ఉదాహరణగా తీసుకుందాం. అమ్మకం 1.40 కోట్లు. అందులో కోటి రూపాయలు యూపీఐ, చెక్కుల ద్వారా వచ్చాయి. 28 లక్షలు నగదు. మిగతా 12 లక్షలు మార్చి 31 నాటికి ఇంకా అరువు. టర్నోవర్ 2 కోట్లు దాటలేదు కాబట్టి, అమ్మకంలో ఇంత శాతం లాభమని చూపే సెక్షన్ 44ఏడీ కింద ఐటీఆర్-4 అనే రిటర్ను వేయొచ్చు. నగదు అమ్మకం మీద కనీసం 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదాని మీద కనీసం 6 శాతం లాభంగా చూపాలి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అరువు డబ్బు రిటర్ను గడువు తేదీలోపు బ్యాంకు ద్వారా వసూలైతే దానికీ 6 శాతమే చాలు. అందుకే పని తెలిసినవాళ్లు బ్యాంకు స్టేట్‌మెంటు మార్చి 31 దాకా మాత్రమే అడగరు, ఏప్రిల్ తర్వాతది కూడా అడుగుతారు. ఈ షాపుకి ఆ 12 లక్షలు జూలైలోపు ఖాతాలో పడ్డాయనుకుంటే లాభం ఇలా వస్తుంది: 1.12 కోట్ల మీద 6.72 లక్షలు, 28 లక్షల మీద 2.24 లక్షలు, మొత్తం 8.96 లక్షలు.

ఆ స్టేట్‌మెంటు అడగనివాడు అరువుని కూడా 8 శాతంలో వేస్తే 9.20 లక్షలవుతుంది. అంటే 24 వేల ఆదాయం అనవసరంగా ఎక్కువ. అదే అసలేమీ చూడకుండా మొత్తానికి 6 శాతం కొట్టేస్తే 8.40 లక్షలు. అప్పుడు 56 వేలు తక్కువ చూపినట్టు. పట్టుబడితే పన్ను, వడ్డీ, జరిమానా కట్టేది మీరు, కన్సల్టెంటు కాదు.

రెండో లోటు ఖాతాల దగ్గర. కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ కరెంటు ఖాతాకి కాకుండా ఇంట్లోవాళ్ల సేవింగ్స్ ఖాతాకో, మీదే పాత ఖాతాకో కట్టి ఉంటుంది. దాని స్టేట్‌మెంటు ఎవరూ అడగరు, మీరూ ఇవ్వరు. మీ పాత ఖాతా మీద వచ్చిన వడ్డీ, ఆదాయపన్ను పోర్టల్‌లో మీ పేరు మీద ఉండే ఏడాది లావాదేవీల పట్టిక ఏఐఎస్‌లో కనిపిస్తుంది కాబట్టి ఖాతా ఉందని శాఖకి తెలిసే ఉంటుంది. జీఎస్‌టీలో చూపిన అమ్మకం కూడా అక్కడే ఉంటుంది. అది ఐటీఆర్‌లోని టర్నోవర్‌తో కలవకపోతే ప్రశ్న వస్తుంది. రిటర్ను వేసే ముందు మీ ఏఐఎస్ మీరే ఒకసారి తెరిచి చూసుకోండి, పావుగంట పని.

44ఏడీ కదా, స్టాకు లెక్క అక్కర్లేదని కూడా కొందరు అంటారు. నమ్మకండి. ఐటీఆర్-4లోనే మార్చి 31 నాటి స్టాకు, రావాల్సిన బాకీలు, ఇవ్వాల్సిన బాకీలు, చేతిలో నగదు అడుగుతారు. మీరు లెక్క ఇవ్వకపోతే వాళ్లకి తోచిన అంకె పడుతుంది. తర్వాత బ్యాంకు లోనుకి వెళ్లినప్పుడు ఆ అంకెకీ మీ స్టాకు స్టేట్‌మెంటుకీ పొంతన ఉండదు.

సరైన కన్సల్టెంటు సందేశం ఎలా ఉంటుందంటే: ‘చివర 4417 ఉన్న ఖాతా స్టేట్‌మెంటు, 1-4-2024 నుంచి ఈరోజు వరకు, పీడీఎఫ్. మార్చి 31 నాటి స్టాకు, కొన్న ధరలో. అరువు ఇచ్చిన పార్టీల జాబితా. 25లోపు కావాలి.’ ఇంత స్పష్టంగా రాకపోతే ‘ఏ ఖాతా, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు?’ అని మీరే అడగండి. జవాబు రాకపోతే వేరేవాళ్లని చూసుకోండి.

ఓటీపీ విషయం. ఆధార్ ఓటీపీ చెప్పారంటే రిటర్ను మీరు ఒప్పుకుని సంతకం పెట్టినట్టే. ముందుగా ఆదాయం, పన్ను లెక్క చూపే కంప్యుటేషన్ షీటు, ఐటీఆర్ ప్రివ్యూ పీడీఎఫ్ తెప్పించుకుని టర్నోవర్, బ్యాంకు ఖాతాలు, స్టాకు, ఈ మూడూ చూడండి. అలాగని ఓటీపీ ఆపేసి మర్చిపోకండి. వేసిన 30 రోజుల్లో వెరిఫై చేయకపోతే వెరిఫై చేసిన రోజే వేసినట్టు లెక్కిస్తారు, అప్పటికి గడువు దాటితే ఆలస్య రుసుము పడుతుంది. ఆదాయం 5 లక్షలు దాటితే అది 5,000.

ఏదో ఒక కాగితం నిజంగా దొరకలేదనుకోండి, ఉన్న సరైన లెక్కతో గడువులో వేసి, అది చేతికొచ్చాక రివైజ్డ్ రిటర్ను వేసుకోవచ్చు. గడువు పొడిగిస్తారులే అని మాత్రం కూర్చోకండి. 2025లో జూలై 31 నుంచి సెప్టెంబర్ 15కి, ఆఖర్న 16కి జరిగిన మాట నిజమే, ప్రతిసారీ జరగాలని లేదు.

ఇంకొకటి. ఆదాయపన్ను పోర్టల్‌లో లాగిన్ అయి My Profile చూడండి. చాలా షాపుల ఖాతాల్లో కన్సల్టెంటు ఫోను నంబరు, ఈమెయిల్ ఉంటాయి. రిటర్నులో లోపం ఉందని 139(9) నోటీసు వస్తే మామూలుగా 15 రోజుల్లో జవాబివ్వాలి. ఆ మెయిల్ ఆయనకి వెళ్లి, ఆయన చూడకపోతే మీకు తెలిసేసరికి గడువు అయిపోతుంది. ఈరోజే మీ నంబరు, మీ మెయిల్ పెట్టి, పాస్‌వర్డ్ మార్చేయండి.