ఆఫ్ చేశాను కదా అనుకున్నాను: మూడేళ్ల తర్వాత మా టీవీ ప్రైవసీ సెట్టింగ్స్

టీవీ బొమ్మ గురించి, సౌండ్ గురించి ఏమీ రాయను. మూడేళ్లయింది, రెండూ బాగానే ఉన్నాయి. నా కోపమంతా సెటప్‌లో కనిపించే ఒక్క బటన్ మీదే: "అన్నిటికీ ఒప్పుకుంటున్నాను". కంపెనీ పేరు చెప్పను.

కొన్న రోజు బిగించడానికి వచ్చిన కుర్రాడు ఆ బటన్ టకటకా నొక్కేసి వెళ్లిపోయాడు. వారం తర్వాత తీరిగ్గా సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూస్తే, చూసే కార్యక్రమాల సమాచారం పంపడం, దాన్నిబట్టి ప్రకటనలు చూపడం, వాయిస్ సమాచారం, మూడూ ఆన్‌లో ఉన్నాయి. మేం సీరియళ్లు, వార్తలు సెట్‌టాప్ బాక్స్‌లోనే చూస్తాం. బాక్స్‌ది వేరే కంపెనీ, టీవీ ఉత్త తెర మాత్రమే, దానికేం తెలుస్తుందిలే అనుకున్నాను. అది తప్పు.

తెర మీద ఏం నడుస్తోందో టీవీయే గుర్తుపట్టే ఈ పద్ధతిని ఏసీఆర్ అంటారు, అంటే ఆటోమేటిక్ కంటెంట్ రికగ్నిషన్. యాప్‌లో ఏం నొక్కామన్నది దానికి అక్కర్లేదు. తెర మీద పడే బొమ్మల్లోంచి, సౌండ్‌లోంచి చిన్న చిన్న నమూనాలు తీసి, వేలిముద్రలాంటి ఒక గుర్తు తయారుచేసి సర్వర్‌కు పంపుతుంది. అక్కడున్న గుర్తులతో పోల్చి, ఇది ఫలానా ఛానల్లో ఫలానా కార్యక్రమం అని తేలుస్తారు. బొమ్మ ఏ తీగలోంచి వచ్చినా చివరికి తెర మీదే కదా పడాలి. అందుకే హెచ్‌డీఎంఐకి తగిలించిన సెట్‌టాప్ బాక్స్ అయినా, లాప్‌టాప్ అయినా దానికి ఒకటే. 2024లో లండన్, కాలిఫోర్నియా, మాడ్రిడ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు బ్రిటన్, అమెరికాల్లో శాంసంగ్, ఎల్‌జీ టీవీలను పరీక్షించి, హెచ్‌డీఎంఐ మీదా ఇది నడుస్తుందని చూపించారు. సెట్టింగ్స్‌లో వద్దని చెబితే ఆ రాకపోకలు ఆగిపోవడం కూడా వాళ్లు చూశారు.

నాకు ఆ రెండో సంగతే ముఖ్యం. ఎందుకంటే మా ఇంట్లోనూ అలాగే జరిగింది. మావాడు స్కూల్ ప్రాజెక్టు కోసం కొన్న రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డులో పై-హోల్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాడు. ఇంట్లో ఏ వస్తువు ఏ సర్వర్ పేరు అడుగుతోందో అందులో వరసగా కనిపిస్తుంది. అమ్మ రాత్రి సీరియల్ చూస్తున్నంతసేపూ టీవీ వైపు నుంచి acr అనే అక్షరాలున్న పేరు ఒకటి మళ్లీ మళ్లీ వచ్చేది. యూట్యూబ్ పెడితే వచ్చేది కాదు. ఆ సెట్టింగ్ ఆఫ్ చేసి, టీవీని స్విచ్ దగ్గర ఆపి మళ్లీ వేశాం. ఆ పేరు మాయమైంది. ఒకసారి ఆఫ్ చేస్తే చాలు, నిశ్చింతగా ఉండొచ్చని అప్పట్లో చుట్టాలందరికీ ఉచిత సలహాలు ఇచ్చాను.

ఏడాదిన్నర తర్వాత ఒకరోజు మావాడు పై-హోల్ లాగ్ చూస్తూ, "నాన్నా, టీవీ మళ్లీ మొదలెట్టింది" అన్నాడు. సెట్టింగ్స్‌లో చూస్తే మూడూ ఆన్‌లో ఉన్నాయి. అమ్మను అడిగాను, ఏమైనా నొక్కావా అని.

"ఏమోరా, పొద్దున ఏదో ఇంగ్లీషులో అడిగింది. ఓకే అన్నాను. ఓకే అంటేగానీ సీరియల్ రానివ్వలేదు."

జరిగిందేమిటంటే, రాత్రి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చింది. దాంతోపాటు కొత్త ఒప్పందం తెర నిండా వచ్చి కూర్చుంది. కర్సర్ ముందే "అన్నిటికీ ఒప్పుకుంటున్నాను" మీద ఆగి ఉంటుంది. రిమోట్‌లో OK ఒక్కసారి నొక్కితే పని అయిపోతుంది. వద్దనుకునేవాళ్లు మాత్రం కిందికి దిగి, ఒక్కోటీ తెరిచి, టిక్ తీసి, వెనక్కి వచ్చి, మళ్లీ కిందికి దిగాలి. డెబ్బై రెండేళ్ల మనిషికి, అదీ కళ్లద్దాలు వంటింట్లో మరిచిపోయి వచ్చిన మనిషికి, ఏ దారి దొరుకుతుందో కంపెనీకి తెలియదా? నా సెట్టింగ్‌ను వాళ్లు చెరిపేశారని అనలేను, మా ఇంటి చెయ్యే నొక్కింది. అదే నాకు మరీ ఒళ్లుమండే విషయం.

ఆ కోపంలో పై-హోల్‌లో ఆ కంపెనీ పేరున్న సర్వర్లన్నీ బ్లాక్ చేశాను. మర్నాటికి యాప్ స్టోర్ తెరుచుకోలేదు. acr ఉన్న పేరొక్కటే బ్లాక్ చేసి, మిగతావి వదిలాక అంతా కుదురుకుంది. ఇదీ పూర్తి భరోసా కాదు. సర్వర్ పేరు చెబితే దాని చిరునామా చెప్పేదాన్ని డీఎన్ఎస్ అంటారు. రూటర్ చెప్పిన డీఎన్ఎస్‌ను పట్టించుకోకుండా తన సొంతది వాడే పరికరాలు ఉంటాయి, అవి ఈ లాగ్‌లో కనిపించవు.

మెనూ పేర్లు కంపెనీకో రకం. శాంసంగ్‌లో Viewing Information Services అని, ఎల్‌జీలో Live Plus అని, కొన్ని సోనీ టీవీల్లో Samba Interactive TV అని ఉంటుంది. ఎక్కడా "మీరేం చూస్తున్నారో గమనించాలా?" అని సూటిగా అడగరు. వినడానికి ఏదో అదనపు సౌకర్యంలా ఉంటాయి పేర్లన్నీ.

ఇక వాయిస్. ఇందులో నేను కొంచెం వెనక్కి తగ్గాల్సి వచ్చింది. మొదట మైకును పూర్తిగా ఆపేశాను. రెండో రోజే అమ్మ అలిగింది. ఆవిడ ప్రవచనాలు వెతుక్కునేది రిమోట్ మైకు బటన్ పట్టుకుని, తెలుగులో చెప్పి. తెర మీద ఒక్కో అక్షరం దగ్గరికి బాణంతో వెళ్లి టైప్ చేయమంటే చేస్తుందా? అందుకని రెండింటినీ విడదీశాను. పిలిస్తే పలికే పద్ధతి, అంటే మైకు ఎప్పుడూ చెవి ఒగ్గి ఉండేది, ఆఫ్. బటన్ నొక్కినప్పుడు మాత్రమే వినేది ఆన్. మా టీవీలో వాయిస్ నడిచేది గూగుల్ ఖాతాతో. ఆ ఖాతాలో Web & App Activity కింద "Include voice and audio activity" అనే టిక్ ఉంటుంది. అది తీసేస్తే వెతుకులాట పనిచేస్తుంది కానీ గొంతు రికార్డు ఖాతాలో దాచరు. అప్పటికే దాచినవి మాత్రం వాటంతటవి పోవు, My Activityలోకి వెళ్లి విడిగా చెరపాలి. నేను చెరిపేముందు రెండు మూడు విన్నాను. ఒకదాంట్లో అమ్మ ప్రవచనం పేరు చెప్పి, బటన్ వదలకుండా నాతో పాల ప్యాకెట్ల లెక్క మాట్లాడుతోంది. తప్పు ఎవరిదీ కాదు, కానీ విన్నాక ఒంటికి అదోలా అనిపించింది.

ఆఫ్ చేశాక పోయింది పెద్దగా ఏమీ లేదు. హోమ్ తెర మీద ప్రకటనలు తగ్గలేదు, అది మాత్రం ఆశించకండి. ఇంతకుముందు అవి మా ఇంటికి తగ్గట్టు వచ్చేవని కూడా నాకెప్పుడూ అనిపించలేదు. ఓటీటీ యాప్‌లు, యూట్యూబ్ ఎవరి చరిత్ర వాళ్లు రాసుకుంటూనే ఉంటాయి, ఈ సెట్టింగ్‌కూ వాటికీ సంబంధం లేదు. కేవలం ఓటీటీ చూసే ఇల్లయితే ఇంత తంటాలు పడటం అవసరమా అంటే, నేనైతే ఒక పది నిమిషాలు కేటాయించి ఆపేసి వదిలేసేవాణ్ని. మాకు సెట్‌టాప్ బాక్స్ రోజుకు ఆరేడు గంటలు ఆడుతుంది, పైగా లాగ్ చూసే కుర్రాడు ఇంట్లో ఉన్నాడు, కాబట్టి పట్టుదల పెరిగింది.

ఇప్పుడు అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ సెట్టింగ్స్ ఒకసారి చూస్తున్నాను. తెర నిండా ఇంగ్లీషు కనిపిస్తే OK నొక్కొద్దని, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టమని అమ్మకు చెప్పాను. పోయిన నెల ఆఫీసులో ఉండగా ఒకటి పెట్టింది. తీరా చూస్తే, కేబుల్ రీఛార్జ్ అయిపోయిందట.