నీట్ బయాలజీ ‘వారాల ప్లాన్’ పీడీఎఫ్ కొనేముందు జాగ్రత్త: డబ్బు కట్టకముందే విషయసూచికతో సరిచూసుకోండి

సెకండియర్ బైపీసీ పిల్లలకీ లాంగ్‌టర్మ్ వాళ్లకీ ఈమధ్య టెలిగ్రామ్ గ్రూపుల్లో వారాల వారీ రీడింగ్ ప్లాన్లు అమ్ముతున్నారు. రంగురంగుల గళ్లు, ప్రతి వారానికి చాప్టర్ పేరు, రోజుకి ఇన్ని పేజీలని ఒక అంకె. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. అలాంటి ఒక పన్నెండు వారాల బయాలజీ ప్లాన్‌ని ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం పక్కన పెట్టి గడి గడీ సరిచూస్తే, అది మొదటి వారంలోనే పిల్లల్ని తప్పుదోవ పట్టించేలా ఉంది. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ అనవసరం. ఇవే తప్పులు ఎవరి పీడీఎఫ్‌లోనైనా ఉండొచ్చు, అందుకే వాటిని ఎలా పట్టుకోవాలో రాస్తున్నాం.

ముందు చాప్టర్ నంబర్లు చూడండి. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో సిలబస్ తగ్గించినప్పుడు పన్నెండో తరగతి బయాలజీలో మూడు చాప్టర్లు పోయాయి: మొదట్లో ఉండే ‘జీవుల్లో ప్రత్యుత్పత్తి’, మధ్యలోని ‘ఆహారోత్పత్తి పెంపు వ్యూహాలు’, చివరి ‘పర్యావరణ సమస్యలు’. పదహారు కాస్తా పదమూడయ్యాయి. పదకొండో తరగతిలో మొక్కల్లో రవాణా, ఖనిజ పోషణ, జీర్ణక్రియ తీసేశాక ఇరవై రెండు పంతొమ్మిదయ్యాయి. పన్నెండో తరగతిలో మొదటి చాప్టరే పోవడంతో వెనకున్నవన్నీ ముందుకి జరిగాయి. పాత పుస్తకంలో ఐదో చాప్టర్‌గా ఉన్న వంశపారంపర్య సూత్రాలు ఇప్పుడు నాలుగోది. ఎకాలజీ మొదలయ్యే ‘జీవులు, జనాభాలు’ పదమూడు నుంచి పదకొండుకి వచ్చింది. ప్లాన్‌లో పన్నెండో తరగతి పదహారో చాప్టర్ అని ఎక్కడైనా కనిపించిందంటే అది పాత పుస్తకం చూసి చేసినది, ఇక మిగతా గళ్లు చూడక్కర్లేదు. చాప్టర్ పేర్లు మాత్రం కొత్తవి పెట్టి పేజీ నంబర్లు పాతవే వదిలేసినవి కూడా ఉన్నాయి. వీటిని పట్టుకోవడం కొంచెం కష్టం. ఏదో ఒక వారం తీసుకుని, ఆ వారం మొదటి పేజీ నంబరు మీ పుస్తకంలో తెరవండి. అక్కడ చాప్టర్ మొదలవ్వకుండా ఏదో పేరా మధ్యలో ఉంటే ఆ ప్లాన్ మీ పుస్తకానిది కాదు. ఎన్‌సీఈఆర్‌టీ సైట్‌లోని పీడీఎఫ్‌లో అయితే పేజీ అడుగున రీప్రింట్ ఏ సంవత్సరానిదో రాసి ఉంటుంది. ప్లాన్ ఏ సంవత్సరం రీప్రింట్ చూసి చేశారో అమ్మేవాళ్లని అడగండి. చెప్పలేకపోతే కొనొద్దు.

పేజీ నంబర్ల దగ్గరే ఇంకో చిక్కుంది. ఫోన్లో పీడీఎఫ్ తెరిచినప్పుడు పైన కనిపించే అంకె వేరు, పుస్తకం మీద అచ్చయిన అంకె వేరు. ముందుమాట, విషయసూచిక పేజీలు కూడా యాప్ లెక్కలోకి వస్తాయి. చాప్టర్ల వారీగా డౌన్‌లోడ్ చేసుకుంటే ప్రతి ఫైలూ ఒకటి నుంచే మొదలవుతుంది. ప్లాన్ చేసినవాళ్లు ఫోన్లోని అంకె రాసి, పిల్ల చేతిలో అచ్చు పుస్తకం ఉంటే రోజూ పేజీలు తేడా కొడతాయి. చదివే అమ్మాయి మాత్రం తనే వెనకబడుతున్నాననుకుంటుంది.

రెండో తప్పు వల్ల మార్కులే పోతాయి. ఈ ప్లాన్లలో చాలావరకు పుస్తకంలోని విషయసూచికనే తెచ్చి పన్నెండు వారాలుగా కోస్తారు, సిలబస్ కాగితం తెరవరు. నీట్ సిలబస్ ఎన్‌ఎంసీ, అంటే జాతీయ వైద్య కమిషన్, విడుదల చేస్తుంది. బయాలజీకి అందులో పది యూనిట్లుంటాయి. ఆ యూనిట్లలోని ప్రతి మాటకీ పుస్తకంలో పేజీ దొరకదు. ఉదాహరణకి నిర్మాణాత్మక వ్యవస్థీకరణ యూనిట్‌లో మాల్వేసీ, క్రూసిఫెరె, లెగ్యూమినేసీ, కంపోజిటే, గ్రామినె అని ఐదు కుటుంబాల పేర్లున్నాయి. ఇప్పటి ఎన్‌సీఈఆర్‌టీలో వివరంగా ఉన్నది సొలనేసీ ఒక్కటే, అది ఆ ఐదింటిలో లేదు. పుస్తకం సూచిక మాత్రమే చూసి చేసిన ప్లాన్‌లో ఈ ఐదింటికి ఒక్క గంట కూడా కేటాయించి ఉండదు. ఫిజిక్స్‌లోనూ ఇంతే. సిలబస్‌లో ఇరవయ్యో యూనిట్ ప్రయోగ నైపుణ్యాలు. వెర్నియర్, స్క్రూగేజ్, మీటర్ బ్రిడ్జి లాంటివన్నీ ఒకచోట ఉండే చాప్టర్ పాఠ్యపుస్తకంలో లేదు, అవి ల్యాబ్ మాన్యువల్‌లో వెతుక్కోవాలి. కాబట్టి అమ్మేవాళ్లని ఒకే ప్రశ్న అడగండి: ‘మాల్వేసీ ఏ వారంలో పెట్టారు, ఏ పుస్తకంలోంచి చదవమన్నారు?’ సిలబస్ చదివినవాళ్లకి ఇది అర నిమిషం పని.

ఇక మూడోది పేజీల పంపకం. అసలు దెబ్బ ఇక్కడే. మొత్తం పేజీల్ని రోజులతో భాగించి ‘రోజుకి 25 పేజీలు’ అని రాసేస్తారు. గంటకి ఎన్ని పేజీలు చదవగలరో ఎవరూ అడగరు. చేతిలో పుస్తకం ఉన్నవాళ్లు ఈ లెక్క తామే ఎలా వేసుకోవచ్చో ఒక్క యూనిట్ మీద చేసి చూపిస్తాం. జన్యుశాస్త్రం, పరిణామం యూనిట్ తీసుకుందాం. కొత్త పుస్తకంలో ఇవి నాలుగు, ఐదు, ఆరు చాప్టర్లు.

విషయసూచికలో నాలుగో చాప్టర్ 53వ పేజీలో, ఐదోది 79లో, ఆరోది 110లో, దాని తర్వాతి చాప్టర్ 129లో మొదలవుతున్నాయనుకోండి. మీ ప్రతిలో వేరే అంకెలుంటే అవే వాడండి. పక్కపక్క అంకెల్ని తీసివేస్తే 26, 31, 19 వస్తాయి. ప్రతి చాప్టర్ చివర సారాంశం, ప్రశ్నలకి రెండేసి పేజీలు పోతాయని తీసేస్తే మిగిలేది 24, 29, 17. ఇవి చదవాల్సిన పేజీలు.

కానీ అన్ని పేజీలూ ఒకే బరువు కావు. మెండెల్ ద్విసంకర సంకరణం గడులున్న పేజీ మీద పెన్సిల్ పెట్టి గామేట్లు రాసుకుంటే తప్ప అది చదివినట్టు కాదు. పరిణామంలో డార్విన్ ఫించ్‌ల గురించిన పేజీ కథలా సాగిపోతుంది. అందుకే చాప్టర్ ఒకసారి తిరగేసి, గీసుకోవాల్సిన బొమ్మ, సంకరణం, పట్టిక ఉన్న పేజీల మూల మీద చుక్క పెట్టండి. చుక్క ఉన్న పేజీని రెండుగా లెక్కించండి. నాలుగో చాప్టర్‌లో ఎనిమిది చుక్కలొస్తే 24 కాస్తా 32 అవుతుంది. ఐదో చాప్టర్‌లో డీఎన్‌ఏ ప్రతికృతి, అనులేఖనం, లాక్ ఒపెరాన్ వంటివి కలిపి పది చుక్కలైతే 29 నుంచి 39. ఆరోదానికి చుక్కలు పెట్టకుండా 17 అలాగే ఉంచుదాం. మొత్తం 88. పుస్తకంలో 70 పేజీలుగా కనిపించేది చదివేటప్పుడు 88 పేజీల పని.

తర్వాత వేగం కొలవాలి. చుక్కలేని నాలుగు పేజీలు తీసుకుని, పక్కన గడియారం పెట్టుకుని, పుస్తకం మూసి ముఖ్యాంశాలు రాయగలిగేలా చదవండి. నలభై నిమిషాలు పట్టిందంటే పేజీకి పది నిమిషాలు, అంటే గంటకి ఆరు పేజీలు. ఈ వేగంతో ‘రోజుకి 25 పేజీలు’ చదవాలంటే ఒక్క బయాలజీకే నాలుగు గంటలు దాటుతుంది. ఫిజిక్స్, కెమిస్ట్రీ ఎప్పుడు చదవాలి? ప్లాన్ మూడో రోజుకే ఆగిపోవడానికి కారణం పిల్లల బద్ధకం కాదు, ఈ లెక్క.

కాలేజీ, ట్యూషన్ పోగా రోజుకి గంటే దొరుకుతుందనుకుందాం. వారానికి ఐదు రోజులే కొత్త పాఠం. ఆరో రోజు ఆ వారం చదివినదే మళ్లీ ప్రశ్నలతో చూసుకోవడానికి. ఏడో రోజు ఖాళీ, తప్పిపోయిన రోజు దాన్లోకి వస్తుంది. ఐదు గంటలకి ఆరేసి చొప్పున వారానికి 30 పేజీలు. 88ని 30తో భాగిస్తే మూడు వారాలకి కొద్దిగా తక్కువ. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం: సరిగ్గా ముప్పయ్యో పేజీ దగ్గర కోయకండి. వారం ఎప్పుడూ ఉపశీర్షిక చివర ఆగాలి. మొదటి వారం నాలుగో చాప్టర్ మొత్తం, 32. ఒకటిరెండు ఎక్కువైనా ఒక్క చాప్టర్ ఒక్క వారంలో పూర్తవుతుంది. రెండో వారం ఐదో చాప్టర్ జన్యు సంకేతం ముగిసేదాకా, లెక్కలో అది 26 వచ్చిందనుకుందాం. అనువాదం, జన్యు వ్యక్తీకరణ నియంత్రణ, మానవ జీనోమ్ ప్రాజెక్ట్, డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ మిగిలిన 13. దానికి పరిణామం 17 కలిపితే మూడో వారం సరిగ్గా 30. రెండో వారాన్ని అనువాదం మధ్యలో కోసి 30 చేయాలనిపిస్తుంది, కానీ చేయకండి. ఎం-ఆర్‌ఎన్‌ఏ మీద రైబోజోమ్ కదలిక సగం చదివి వారం ఆపితే, మళ్లీ మొదలుపెట్టినప్పుడు మొదటి సగం ఇంకోసారి చదవాల్సిందే.

ఈ లెక్క వేశాక కేలండర్ తీయండి. దసరా సెలవులు, సంక్రాంతి వారం, హాఫ్ ఇయర్లీ, ప్రీఫైనల్, ఫిబ్రవరి మార్చిల్లో ఇంటర్ ప్రాక్టికల్స్, పబ్లిక్ పరీక్షలు. ఆ వారాలకి పేజీలు సున్నా లేదా సగం. నీట్ మే మొదట్లో ఉంటుంది కాబట్టి చివరి నెల కొత్త పేజీలు పెట్టకూడదు. ఎక్కడో తయారైన పీడీఎఫ్‌లో ఈ తేదీలుండవు. సంక్రాంతి వారంలో కూడా రోజుకి 25 అనే ఉంటుంది.

ఇప్పటికే కొనేసినవాళ్లు ప్లాన్ పారేయకండి. చాప్టర్ల వరుస పనికొస్తే వరుస ఉంచుకుని, పేజీ గడి మీ లెక్కతో నింపుకోండి. డబ్బు వెనక్కి అడగాలంటే నాకు నచ్చలేదు అని రాయకండి, అలా రాస్తే జవాబు రాదు. ‘ఫలానా వారంలో రాసిన చాప్టర్ ఇప్పటి పుస్తకంలో లేదు, ఫలానా పేజీలో ఆ పాఠం మొదలవ్వదు’ అని రెండు ఫోటోలు జతచేసి, యూపీఐ లావాదేవీ నంబరుతో పంపండి. గ్రూపులోంచి తీసేయకముందే ప్లాన్ ప్రకటన స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, ‘తాజా సిలబస్ ప్రకారం’ అన్న మాట అందులో ఉంటే అదే మీ ఆధారం. వారం పది రోజుల్లో స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.