అంకె మార్చింది, ఎకరాన్ని వదిలేసింది: ట్రాన్స్‌లేషన్ మెమరీతో నా అనుభవం

ఎరువుల కరపత్రాలను తెలుగు నుంచి మరాఠీలోకి మార్చడానికి, పాత అనువాదాలను గుర్తుంచుకుని అలాంటి వాక్యం వచ్చినప్పుడు మళ్లీ అందించే ఈ సాఫ్ట్‌వేర్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను. జాగ్రత్తల భాగానికి దీన్ని మించింది లేదు. "పురుగుమందుతో కలపరాదు" అన్న చోట మొదట్లో "మిసళూ నయే" అని ఉండేది. మహారాష్ట్రలోని కిన్వట్ వైపు రైతులకు చదివి వినిపిస్తే అది సలహాలా ఉందన్నారు. "మిసళూ నకా" అని ఒక్కసారి దిద్దాను, ఆ తర్వాత ప్రతి కరపత్రంలోనూ అదే వస్తోంది. 2017లో యవత్మాళ్ జిల్లాలో పురుగుమందు పిచికారీ చేస్తూ రైతులు, కూలీలు చనిపోయారు. అటు వెళ్లే కాగితంలో హెచ్చరిక మెత్తగా ఉంటే నాకు మనసొప్పదు.

అయితే మోతాదుల దగ్గర ఇదే గుణం కొంప ముంచబోయింది. పాత కరపత్రంలో "పత్తికి ఎకరాకు 1 క్వింటాలు యూరియాను మూడు దఫాలుగా వేయాలి" అని ఉంది. కొత్త కంపెనీ మాత్రం హెక్టారు లెక్కన 2.6 క్వింటాళ్లు అని ఇచ్చింది. రెండు వాక్యాలూ దాదాపు ఒకటే కాబట్టి సాఫ్ట్‌వేర్ పాత అనువాదాన్నే తెచ్చి, అంకెను తనంతట తాను 2.6గా మార్చేసింది. "హెక్టరీ" రావాల్సిన చోట "ఎకరీ" అలాగే ఉండిపోయింది. అంకెల తనిఖీ నడిపితే ఒక్క ఎర్ర గుర్తు కూడా పడలేదు. పడదు కూడా, అటు 2.6, ఇటూ 2.6.

ప్రూఫ్ చూసిన మరాఠీ డీలరు దాన్ని బస్తాల్లోకి మార్చుకుని ఉలిక్కిపడ్డారు. 260 కిలోలంటే 45 కిలోల బస్తాలు దాదాపు ఆరు. "ఎకరం పత్తికి ఆరు బస్తాలా అన్నా?" అని ఫోన్ చేశారు. హెక్టారంటే సుమారు రెండున్నర ఎకరాలు కాబట్టి ఎకరాకు పడాల్సింది 105 కిలోలు, అంటే రెండు బస్తాల పైన కొంచెం. ఆ తప్పు అచ్చయి ఉంటే చేను ఏపుగా పెరిగి, పచ్చదోమ పట్టి, కాయ తగ్గేది. డబ్బు దండగ సరేసరి.

అప్పటి నుంచి అంకెలు వాటంతట అవే మారే సెట్టింగును ఆపేశాను. ఎకరం, హెక్టారు, గుంట, క్వింటాలు, బస్తా అన్నీ పదకోశంలో పెట్టాను కాబట్టి, మూలంలో ఒకటి, అనువాదంలో ఇంకొకటి ఉంటే ఇప్పుడు గుర్తు పడుతోంది. మోతాదు పక్కనే బస్తాల లెక్క కూడా రాయమని కంపెనీలను అడుగుతున్నాను. తప్పు ముందుగా కనపడేది అక్కడే.

ఏటా ఇలాంటి కరపత్రాలు వరసగా వస్తాయి కాబట్టి నాకిది గిట్టుబాటే. ఎప్పుడో ఒకటి చేసేవారికి ఇంత డబ్బు పెట్టమని చెప్పలేను. వారు మోతాదుల పట్టికను చేత్తో రాసుకుని, అక్కడి డీలరుకు ఒకసారి చూపిస్తే చాలు.